బొమ్మలో లేని పట్టీ

నీళ్ళ ఆఫీసులో రికార్డుల గది కింది అంతస్తులో, మెట్ల వెనకాల ఉంటుంది. అందులో పనిచేసే అమ్మాయిని అందరూ రికార్డులమ్మాయి అనే పిలుస్తారు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, నన్నేనా అన్నట్టు చుట్టూ చూసి మరీ పలుకుతుంది.

ఆమె పని వినడానికి చాలా చిన్నది. ఆఫీసు వెబ్‌సైటులో ఏ రోజు ఏం కనిపించిందో దాన్ని బొమ్మ తీసి దాచాలి. ఫలానా రోజు నీళ్ళు వస్తాయని రాశారు, రాలేదు అని ఎవరైనా గొడవకొస్తే, ఇదిగో ఆ రోజు పేజీ అని తీసి చూపించాలి. చేత్తో చేసే పని కాదది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమే ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టింది. అది రోజూ పొద్దున్నే దానంతట అదే లేచి, తెరమీద కిటికీ ఏదీ కనబడకుండానే బ్రౌజరు తెరిచి, సైటులో ఒక్కో పేజీకి వెళ్తుంది. తెర పట్టినంత మేరకు ఒక ముక్క బొమ్మ తీస్తుంది, కిందికి జరుగుతుంది, ఇంకో ముక్క తీస్తుంది. అడుగు దాకా అలా తీసిన ముక్కల్ని కలిపి కుట్టి ఒకే పొడుగాటి బొమ్మ చేస్తుంది. దాన్ని పీడీఎఫ్‌లో పెట్టి, పైన పేజీ చిరునామా, తీసిన తేదీ, సమయం వేసి ఆ రోజు ఫోల్డర్లో పడేస్తుంది.

"ఇదేం బొమ్మమ్మాయ్, దర్జీ టేపులాగ?" అన్నాడు మొదటిసారి చూసిన సూపరింటెండెంటు. "దీన్ని చదవాలంటే నిచ్చెన కావాలి."

తర్వాత ఆయనకీ అలవాటైపోయింది. అలవాటైపోవడమంటే, చూడటం మానేశాడని. నిజానికి ఎవరూ చూసేవాళ్ళు కాదు. బొమ్మలు తీసే పని తీసేదానిది, దాచే పని దాచేదానిది. అవసరమొచ్చినప్పుడు ఉంటే చాలు.

అవసరం ఈ వర్షాల్లో వచ్చింది.

ఒక తెల్లవారుజామున కింది వీధులకి వెళ్ళే నీళ్ళలో మందు కలిపే యంత్రం ఆగిపోయింది. మధ్యాహ్నానికి బాగు చేశారు. కానీ ఆ పూట పైపుల్లోకి వెళ్ళిన నీళ్ళు వెళ్ళనే వెళ్ళాయి. తర్వాతి రోజుల్లో కింది వీధుల పిల్లలు వాంతులతో, విరేచనాలతో ఒకరి వెనక ఒకరు ఆసుపత్రిలో చేరారు. చాలామంది తేరుకున్నారు. వెల్డరు కూతురు, రెండేళ్ళ పాప, తేరుకోలేదు.

ప్రజలకి హెచ్చరిక ఎందుకు ఇవ్వలేదు అన్నది ప్రశ్న. సైటులో హెచ్చరికలు పెట్టే మనిషి రికార్డులమ్మాయికి సొంత మేనమామ. తెల్లారకముందే ల్యాబు నుంచి ఫోను రాగానే ఇంట్లోంచే పెట్టేశానన్నాడు. మరమ్మతు అయిపోయిందని మళ్ళీ ఫోనొస్తే మధ్యాహ్నం తీసేశానన్నాడు. ఆ పూట ఆఫీసులో దాన్ని చూసినవాళ్ళెవరూ లేరు. నీళ్ళ ఆఫీసువాళ్ళు నీళ్ళ ఆఫీసు సైటు చూడరు. హెచ్చరిక రాసే పెట్టె కూడా ఒకటే. కొత్తది రాస్తే పాతది చెరిగిపోతుంది. ఎవరు ఎప్పుడు ఏం రాశారన్న జాడ అందులో మిగలదు.

మిగిలింది రికార్డుల గదిలో బొమ్మ. సూపరింటెండెంటు దగ్గర నిలబడితే ఆమె తెరిచింది. నీళ్ళ వేళలు, ఫోను నంబర్లు, పై అధికారి నవ్వుతున్న ఫొటో, అన్నీ ఉన్నాయి. హెచ్చరిక లేదు.

"మీ మావయ్య మతిమరుపు మనకి కొత్తా?" అన్నాడాయన, మరీ కఠినంగా ఏమీ కాదు. "ఇది ఆ రోజు పేజీకి నిజమైన నకలు అని రాసి సంతకం పెట్టమ్మాయ్."

ఆమె పెట్టింది. బొమ్మ అబద్ధం చెప్పదనే నమ్మింది. మావయ్యని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. పసిపాప ప్రాణం పోయింది కాబట్టి విచారణ తర్వాత పోలీసు కేసు కూడా ఉంటుందన్నారు.

ఆ సంతకం తర్వాత అమ్మ ఆమెతో మాట్లాడటం తగ్గించేసింది. కంచం ముందు పెట్టేటప్పుడు చేసే చప్పుడే మాట. మావయ్య మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోగా, ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని, "పెట్టాననే గుర్తే బంగారూ. చలికి దుప్పటి కప్పుకుని, ఒక్క వేలితో కొట్టాను. కానీ బొమ్మలో లేదంటే ఏం చెప్పను? పెడదామనుకుని నిద్రపోయానేమో. కొట్టినట్టు కలగన్నానేమో," అన్నాడు. కొట్టిన వేలి వంక చూసుకున్నాడు. ఇంటి తాళాలు జేబులోనే పెట్టుకుని ఊరంతా వెతికే మనిషి. ఆయన మాట ఇంకొకరు నమ్మకపోవడం ఒకటి. ఆయన్ని ఆయనే నమ్మకపోవడం చూస్తుంటే ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధీ కాలేదు.

విచారణ రేపనగా, రికార్డుల గది గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. సన్నగా ఉంది. చెప్పులు బయటే విడిచి వచ్చింది, ఆఫీసులో ఎవరూ విడవరని తెలియక.

"పైన సారు పంపించారు మేడం. ఆ రోజు బొమ్మ ఏదో మీ దగ్గరుందట. ఒకసారి చూపిస్తారా? నేను వెల్డరు భార్యని."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. రికార్డులమ్మాయి కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు. తెరమీద పేజీ పైనుంచి కిందికి నెమ్మదిగా జరుపుతుంటే, వంగి, కళ్ళార్పకుండా చూసింది.

"ఇంతేనా? అడుగున ఇంకేమీ లేదా?"

"అడుగు దాకా ఇంతేనమ్మా."

"ఎర్రగా ఏమీ లేదు కదా?"

"లేదు."

"మళ్ళీ ఒక్కసారి చూపిస్తారా?"

మళ్ళీ చూపించింది. ఆవిడ అప్పుడు కుర్చీలో కూర్చుంది. ముఖం తుడుచుకుంది.

"మీకు పుణ్యముంటుంది మేడం. ఇన్నాళ్ళకి కాస్త ఊపిరాడింది. ఆ పొద్దున నేను ఫోన్లో చూశాను, నీళ్ళు ఎన్నింటికొస్తాయో అని. పాప చంకలో ఉంది, ఒకటే పేచీ. కింద ఎర్రగా ఏదో అడ్డం వచ్చినట్టు, టైము కనబడక, మూల గుణకారం గుర్తు నొక్కి తీసేసినట్టు అనిపిస్తోంది. రోజూ అదే కళ్ళముందు. ఈయనకి కూడా చెప్పలేదు. చెప్తే బతకనిస్తాడా? ఎన్ని యాపుల్లో ఎన్ని ప్రకటనలు, అన్నీ అలాగే తీసేస్తాం కదా, అది ఇంకెక్కడో చూసిందయ్యుంటుంది. బొమ్మలో లేదంటే లేనట్టే కదా మేడం?"

"లేనట్టేనమ్మా," అంది రికార్డులమ్మాయి.

ఆవిడ చేతులెత్తి దండం పెట్టి వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు ఆగిపోయాక కూడా ఆమె తెరవైపే చూస్తూ కూర్చుంది. ఏదో ముల్లు గుచ్చుకుంది. ఎక్కడన్నది తెలియడానికి కాస్త సమయం పట్టింది. పాత సైటులో హెచ్చరికలు పేజీ పైన, పసుపు రంగు డబ్బాలో వచ్చేవి. కిందటేడు సైటు కొత్తగా కట్టించారు. అప్పటినుంచి హెచ్చరిక ఎక్కడ వస్తుందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆవిడకి ఎరుపు ఎలా తెలుసు? కింద అని ఎలా తెలుసు?

తర్వాత చూసి ఉంటుందిలే అనుకుంది. పాప పోయాక నీళ్ళు కాచుకోమని పెట్టిన హెచ్చరిక ఇప్పటికీ ఉంది కదా. అనుకుంటూనే తన బ్రౌజర్లో ఆఫీసు సైటు తెరిచింది. తెర అడుగున, ఎర్రటి పట్టీ. కుడి మూల చిన్న గుణకారం గుర్తు. పేజీని పైకి కిందికి జరిపినా పట్టీ కదల్లేదు. పేజీలో భాగంలా కాకుండా, అద్దానికి అతికించిన కాగితంలా తెరకే అంటుకుని ఉంది.

ఇవాళ పొద్దున ప్రోగ్రాం తీసిన బొమ్మ తెరిచింది. పట్టీ లేదు.

నిన్నటిది తెరిచింది. లేదు. మొన్నటిది. లేదు. ఇప్పుడు, ఈ క్షణాన ఊరందరికీ కనిపిస్తున్న పట్టీ, ఆమె దాచిన బొమ్మల్లో ఒక్కదానిలోనూ లేదు.

ప్రోగ్రాం తెరవకముందే ఆమెకి గుర్తొచ్చేసింది. కొత్తలో తీసిన బొమ్మలు అసహ్యంగా వచ్చేవి. పాత సైటుకి పైన ఒక మెనూ పట్టీ ఉండేది, పేజీ జరిగినా జరగకుండా. ముక్కముక్కకీ అది వచ్చి కూర్చునేది. కుట్టిన బొమ్మలో అదే పట్టీ పదిచోట్ల, ప్రతిచోటా కింది రాతని కప్పేస్తూ. పైగా ప్రోగ్రాం ప్రతిసారీ కొత్తగా పుట్టిన బ్రౌజరుతో వెళ్తుంది కాబట్టి, కుకీలకి ఒప్పుకుంటారా అనే డబ్బా కూడా ప్రతిసారీ అడ్డమొచ్చేది. సూపరింటెండెంటు విసుక్కున్నాడు. అప్పుడామె ప్రోగ్రాంలో ఒక్క వాక్యం రాసింది. బొమ్మ తీసేముందు, తెరకి అంటుకుని ఉన్నవాటినన్నిటినీ దాచెయ్యి అని. బొమ్మలు ముత్యాల్లా వచ్చాయి. ఆ రోజు తన భుజం తానే తట్టుకుంది.

తర్వాత సైటు మారింది. కట్టినవాళ్ళు హెచ్చరికని తెరకి అంటించారు. ఆమె వాక్యానికి మెనూ ఏదో, ప్రాణం నిలబెట్టే మాట ఏదో తెలియదు. అంటుకున్నది కనబడితే దాచేస్తుంది. అదే చేసింది, ఒక్క రోజు కూడా మానకుండా.

ఇంటికి వెళ్ళి చెప్పింది. మావయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు, గోడవైపు తిరిగి. విని లేచి కూర్చున్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే నేను పెట్టానన్నమాటే," అన్నాడు. "నిద్రపోలేదన్నమాట." పెద్దాయన ముఖం పసివాడిలా అయిపోయింది. "నాకు మతి లేదని నేనే ఒప్పేసుకున్నానే, అక్కా."

"నీకు మతి ఉంటే ఇంకేం," అంది అమ్మ కళ్ళొత్తుకుంటూ. కూతురివైపు తిరిగి చాలా రోజుల తర్వాత మామూలుగా మాట్లాడింది. "రేపు వెళ్ళి చెప్పు. నీ ఉద్యోగం పోతే పోనీ."

"చెప్తానమ్మా. కానీ పట్టీ దాగిపోతుందని చూపించగలను. ఆ రోజు ఉందని చూపించలేను. ఒకవేళ మావయ్య పెట్టకపోయినా బొమ్మ ఇలాగే వచ్చేది."

"మరి చూసినవాళ్ళెవరూ లేరా?"

ఆమె చెప్పకూడదనుకుంది. కానీ ముఖం చూసే అమ్మ లాగేసింది. వెల్డరు భార్య చెప్పిందంతా చెప్పింది.

"ఆవిణ్ణి పిలిపించి అడిగితే సరిపోతుంది కదా," అంది అమ్మ, ఈసారి మెల్లగా.

"ఏమని అడుగుతావక్కా?" అన్నాడు మావయ్య. "నీ బిడ్డని కాపాడే మాట నీ వేలితో నువ్వే తీసేశావు, వచ్చి నలుగురిలో చెప్పమనా?"

"అడక్కపోతే నిన్ను జైల్లో వేస్తారు. ఆవిడ చేసిందాంట్లో తప్పేముంది? ఎవరైనా తీసేస్తారు."

"తప్పులేదని నువ్వంటావు, నేనంటాను. ఆవిడ అనుకోగలదా?" ఆయన మళ్ళీ పడుకున్నాడు. "బంగారూ, నువ్వు రాసిన వాక్యం సంగతి చెప్పు. ఆవిడ ఊసెత్తకు."

మర్నాడు విచారణ పై అంతస్తు హాల్లో జరిగింది. బయటినుంచి వచ్చిన విచారణాధికారి, సూపరింటెండెంటు, మావయ్య, వెనక కుర్చీల్లో వెల్డరు, పక్కన అతని భార్య. ఆవిడ ముఖం నిన్నటికంటే తేటగా ఉంది. నిద్రపోయినట్టుంది. రికార్డులమ్మాయి అటు చూడకుండా లేచి నిలబడింది.

మాట్లాడటం ఆమెకి ఎప్పుడూ చేతకాదు. అందుకే చూపించింది. గోడమీద తెరపై ఆఫీసు సైటు తెరిచింది. అడుగున ఎర్రపట్టీ అందరికీ కనబడింది. ప్రోగ్రాంని అక్కడే నడిపింది. బొమ్మ వచ్చింది. పట్టీ లేదు. తను రాసిన వాక్యాన్ని తీసేసి మళ్ళీ నడిపింది. ఈసారి బొమ్మ నిండా ఎర్రపట్టీలే, ముక్కకొకటి చొప్పున, మెట్లలాగ.

"ఆ వాక్యం నేనే రాశాను సార్. సైటు మారినప్పుడు సరిచూడలేదు. ఆ బొమ్మ నిజమైన నకలని నేను పెట్టిన సంతకం తప్పు."

సూపరింటెండెంటు నుదురు పట్టుకున్నాడు. "అంటే, కిందటేడు నుంచీ దాచినవన్నీ..."

"అంటుకున్నవేవీ లేకుండానే ఉన్నాయి సార్."

విచారణాధికారి కళ్ళజోడు తీశాడు. కోపం లేని మనిషి. "నువ్వు ఈయన మేనకోడలివి కదమ్మా?"

"అవును సార్."

"సరే. నువ్వు చూపించింది నమ్ముతాను, కళ్ళముందు జరిగింది కాబట్టి. కానీ దీంతో తేలేదేమిటి? ఆ రోజు పట్టీ ఉండి ఉండొచ్చు. ఉందని చెప్పగలవా?"

ఆమె నోరు తెరిచింది. మావయ్య తల కొంచెం అడ్డంగా ఊగింది, ఆమెకి మాత్రమే తెలిసేటంత.

"చెప్పలేను సార్."

"ఆ బొమ్మ తప్ప, ఆ పొద్దున పేజీ చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నాకు..." అని ఆగిపోయింది. తెలియదు అనే మాట గొంతు దాటలేదు. తెలుసు అనే మాటా దాటలేదు. గోడమీద ఎర్రపట్టీల బొమ్మ అలాగే ఉంది. దాన్ని తీసెయ్యాలని అప్పుడు తోచింది. చెయ్యి కంప్యూటరు మీదకి వెళ్ళింది గానీ, ఆలస్యమైపోయింది. ఊసెత్తకపోతే ఆవిడకేమీ తెలియదని తనూ మావయ్యా ఎలా అనుకున్నారో. ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. అంతా వింది.

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది.

"ఉంది," అంది వెల్డరు భార్య.

వెల్డరు తలెత్తి చూశాడు. "ఏంటే?"

ఆవిడ అతనివైపు చూడలేదు. గోడవైపే చూస్తోంది. "ఆ రోజు ఎర్రపట్టీ ఉంది సార్. నేను చూశాను."

"ఆ రోజేనని ఎలా చెప్పగలవమ్మా?" అన్నాడు విచారణాధికారి. "తర్వాత పెట్టింది చూసి ఉండొచ్చు కదా."

"పాప చంకలో ఉంది సార్."

ఆవిడ చెప్పాల్సింది మిగిలినట్టు అదీ చెప్పేసింది. "నేనే తీసేశాను. చదవలేదు."

వెల్డరు లేచాడు. అరుస్తాడనుకున్నారందరూ. అరవలేదు. భార్యని దాటుకుని, మోకాళ్ళు తగలకుండా పక్కకి ఒత్తిగిలి, హాల్లోంచి బయటికి నడిచాడు. కాసేపటికి కింద బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు గేటు దాటి రోడ్డు మలుపు తిరిగి వినబడనంత దూరం పోయేదాకా ఆవిడ నిలబడే ఉంది.

మావయ్య మీద తప్పులేదని ఆ పూటే రాసేశారు. రికార్డులమ్మాయిని రేపటినుంచి రావద్దన్నారు. ఆమె సరేనంది. ఆ మాట ఆమె మనసుకెక్కలేదు. వసారాలోకి పరుగెత్తింది.

వెల్డరు భార్య కటకటాలు పట్టుకుని రోడ్డువైపు చూస్తోంది. పక్కకి వెళ్ళి నిలబడితే గుర్తుపట్టింది.

"అమ్మా, నిన్న నేను లేనట్టే అన్నాను. నాకు తెలీక..."

"మీరేం చేస్తారు మేడం. అదొక్క రోజు పడుకున్నాను. అదైనా మీ దయే." కోపం కాదు, ఎత్తిపొడుపు కాదు. అలసట.

మావయ్య కూడా బయటికొచ్చాడు. వాళ్ళని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తప్పు లేదని తేలినవాడికి ఉండాల్సిన ముఖం కాదది. ఆవిడే పలకరించింది.

"మీరేనా అన్నా, అందులో రాసింది?"

"అవునమ్మా."

"ఏం రాశారు?"

ఆయన మేనకోడలివైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"చెప్పండన్నా. అందరూ ఉందా లేదా అని అడిగారే గానీ, అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. నేను చదవలేదు కదా."

మావయ్య కటకటాల దగ్గరికి వచ్చాడు. "కింది వీధులవాళ్ళు ఈ రోజు నీళ్ళు కాచి తాగండి. అంతేనమ్మా. ఒక్క వేలితో కొట్టేవాణ్ణి, ఎక్కువ రాయలేను."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ పెదాలు కదిలాయి, చదువుకుంటున్నట్టు. మొదట్నుంచి ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"చాలా ఉందేమో అనుకున్నాను," అంది. "పాప ఏడుస్తోంది కదా, తర్వాత చదువుదాంలే అనుకున్నాను."